రెజ్యూమెకో చిరునామా

సాయంత్రం ఆరు దాటాక అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో జిరాక్స్‌ షాపుల ముందు నిలబడటానికి చోటుండదు. వీపున బ్యాగులు తగిలించుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఫోన్లోంచి పీడీఎఫ్‌ను షాపు వాట్సాప్‌ నంబరుకు పంపి ‘అన్నా, నావి ఐదు కాపీలు’ అంటుంటారు. ప్రింటర్లోంచి జారిపడే కాగితాల్లో పేరు మారుతుంది, ఫొటో మారుతుంది, కాలేజీ మారుతుంది. మిగతాదంతా ఒకటే. పైన సంస్థ ఎదుగుదలకు తోడ్పడాలన్న ఆశయం, దాని కింద సి, జావా, పైథాన్, హెచ్‌టీఎంఎల్‌ అంటూ ఒక వరస, ఆ కింద ‘స్టూడెంట్‌ మేనేజ్‌మెంట్‌ సిస్టమ్‌’ అనే ప్రాజెక్టు, అట్టడుగున పై వివరాలన్నీ నిజమేనని ఒక డిక్లరేషన్‌. మర్నాడు అదే పీడీఎఫ్‌ మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక చిన్న కంపెనీ మెయిల్‌బాక్సులో అలాంటివే వందల మధ్య పడుతుంది. తెరిచి చూసే మనిషికి అందులో అబద్ధం ఉందని తోచకపోవచ్చు. కానీ నిజమని తేల్చుకునే దారి కూడా ఆ కాగితంలో ఎక్కడా లేదు.

క్యాంపస్‌ ఎంపికల్లో పేరు రాక, ఆఫ్‌ క్యాంపస్‌ అవకాశాల కోసం వెతుక్కుంటున్న ఫ్రెషర్ల గ్రూపుల్లో ఈ మధ్య గట్టిగా వినిపిస్తున్న సలహా ‘సొంత వెబ్‌సైట్‌ పెట్టుకో’ అని. సలహా మంచిదే. దాన్ని అర్థం చేసుకుంటున్న తీరే బాగాలేదు. ఎక్కడో దొరికిన టెంప్లేట్‌ దించుకుని, పేరు మార్చి, ‘జావా 85 శాతం, పైథాన్‌ 70 శాతం’ అని రంగుల గీతలు పెట్టి, సొంత పేరుతో డొమైన్‌ కొనేస్తే పని అయిపోయిందనుకుంటున్నారు. జావా 85 శాతం రావడమంటే ఏమిటో ఆ గీత పెట్టినవాళ్లే చెప్పలేరు. కాగితం మీద నమ్మలేని మాట తెర మీదికి ఎక్కినంత మాత్రాన నమ్మదగ్గది అయిపోదు. ఆన్‌లైన్‌ రెజ్యూమె అలంకారం కోసం కాదు, ఆధారం కోసం. మన గురించి ఏమీ తెలియని మనిషి ఫోన్లో రెండు నిమిషాలు చూసి, మనం చేశామన్న పని మనమే చేశామని తేల్చుకోగలగాలి. ఏ ప్రాజెక్టు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, చిరునామా కొనాలా వద్దా అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడి నుంచే వస్తుంది.

అసలు ఎవరు చూస్తారు?

మొదట ఎదురయ్యే అభ్యంతరం ఇదే, ఇందులో నిజం ఉంది కూడా. వేల మందిని ఒకేసారి తీసుకునే పెద్ద ఐటీ కంపెనీలు టీసీఎస్‌ ఎన్‌క్యూటీ లాంటి ఆన్‌లైన్‌ పరీక్షలతోనే వడపోత మొదలుపెడతాయి. ఆ దశలో మార్కులూ బ్యాక్‌లాగులూ తప్ప వెబ్‌సైట్‌ సంగతి ఎవరికీ పట్టదు. అలాంటి పరీక్ష వారంలో ఉందనగా చదువు పక్కనపెట్టి సైటుకు రంగులు ఎంచుకుంటూ కూర్చోవడం తెలివైన పని కాదు. కానీ ఫ్రెషర్లు దరఖాస్తు చేసేది అక్కడికి మాత్రమే కాదు. పది ఇరవై మంది పనిచేసే కంపెనీలో రెజ్యూమె చూసేది చాలాసార్లు రేపు పక్కన కూర్చుని పని నేర్పాల్సిన సీనియరే. తెలిసిన అన్నయ్య ఎవరో రెఫరల్‌ ఇస్తానన్నప్పుడు అతను మేనేజరుకు పంపేది కూడా ఒక లింకు, రెండు వాక్యాలే. పెద్ద కంపెనీలోనైనా పరీక్ష దాటి ఇంటర్వ్యూకు వెళ్తే ‘నీ ప్రాజెక్టు గురించి చెప్పు’ అన్న ప్రశ్న తప్పదు. సైటు ఉపయోగపడేది ఈ మూడు చోట్ల. అక్కడ చూసేవాళ్లు తక్కువమందే అయినా నిర్ణయం వాళ్లదే.

లింక్డిన్‌ ఉంది, గిట్‌హబ్‌ ప్రొఫైల్‌ ఉంది, మళ్లీ ఇంకొకటి ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. లింక్డిన్‌లో చెప్పుకోగలం కానీ పనిచేస్తున్న ప్రాజెక్టును అక్కడే నడిపి చూపించలేం. గిట్‌హబ్‌లో కోడ్‌ ఉంటుంది కానీ ఫోన్‌ పట్టుకున్న హెచ్‌ఆర్‌కు ఫోల్డర్ల జాబితా చూసి ఏమీ అర్థం కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని ఒక్క పేజీ పూరిస్తుంది. ఏం చేశాను, ఇదిగో నడుస్తోంది, ఇదిగో దాని కోడ్‌. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే చాలు.

ఒక్క ప్రాజెక్టు, సొంతది

సైటులో ఐదారు ప్రాజెక్టులు ఉండాలనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. యూట్యూబ్‌ పాఠం చూస్తూ చేసిన కాలిక్యులేటర్, వాతావరణం చూపించే పేజీ, టు-డూ లిస్టు వందల సైట్లలో ఒకేలా ఉంటాయి. అమీర్‌పేటలోనే డబ్బు కట్టి తెచ్చుకునే రెడీమేడ్‌ ఫైనలియర్‌ ప్రాజెక్టుల సంగతి చెప్పనక్కర్లేదు. ‘ఈ టేబుల్‌ ఎందుకు ఇలా పెట్టావు?’ అన్న మొదటి ప్రశ్నకే అవి తేలిపోతాయి. నేర్చుకోవడానికి పాఠం చూసి చేయడంలో తప్పేమీ లేదు. దాన్ని ఆధారంగా చూపించడమే కుదరదు, ఎందుకంటే అందులో మనం తీసుకున్న నిర్ణయం ఒక్కటీ ఉండదు.

గుంటూరు జిల్లాలో బీటెక్‌ పూర్తిచేసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. మిర్చి యార్డు ధరలు రోజూ పత్రికల్లో వస్తాయి. తేజ, బాడిగ, 334 రకాలకు క్వింటా కనిష్ఠ, గరిష్ఠ ధరలను మూడు నెలలపాటు ఎక్సెల్‌లోకి ఎక్కించి, సీఎస్‌వీ ఫైలుగా దాచి, వాటితో ఒక గ్రాఫ్‌ గీసే పేజీ తయారుచేసింది. చూడటానికి చాలా చిన్న ప్రాజెక్టు. కానీ మొదటిసారి నడిపినప్పుడు గ్రాఫ్‌ ప్రతి వారమూ సున్నాకు పడి లేస్తుంది. మిర్చి ధర సున్నా కావడం జరిగే పని కాదు కదా! వెతికితే సంగతి బయటపడుతుంది. యార్డుకు సెలవున్న రోజుల్లో ఆ గడి ఖాళీగా ఉంది. జావాస్క్రిప్టులో `Number("")` అని అడిగితే వచ్చే జవాబు సున్నా. అంటే ‘ధర తెలియదు’ అన్నది కాస్తా ‘ధర సున్నా’గా మారిపోతోంది. దిద్దుబాటు ఒక్క వరసే.

```js
const price = text.trim() === "" ? null : Number(text);
```

ఇప్పుడు సెలవు రోజున గ్రాఫ్‌లో గీత తెగుతుంది. ఆ తెగిన చోటును అలాగే వదలాలా, అటూ ఇటూ ఉన్న రోజుల్ని కలిపి గీత గీయాలా అన్నది ఇంకో ప్రశ్న. కలిపితే బొమ్మ బాగుంటుంది కానీ వేసవి సెలవుల్లో యార్డు మూతపడ్డ రోజులన్నిటా ధర నిలకడగా సాగినట్టు రైతుకు అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకని తెంపే ఉంచానని ఆ అమ్మాయి పేజీలో రాస్తే, చదివే సీనియర్‌కు ఆ ఒక్క వాక్యంతో చాలా తెలుస్తుంది. డేటా అంటే ఏమిటో తెలుసు, తప్పును కనిపెట్టే చూపుంది, కారణం చూపి నిర్ణయం తీసుకోగలదు. జావా ఎంత శాతం వచ్చో చెప్పే గీతలు వంద పెట్టినా ఈ మాట చెప్పలేవు.

ప్రాజెక్టు పరిమితి రాయడానికి ఫ్రెషర్లు భయపడతారు, లోపం ఒప్పుకున్నట్టవుతుందని. నిజానికి నమ్మకం కలిగించేది అదే. ఈ గ్రాఫ్‌లో కనిష్ఠ ధరకూ గరిష్ఠ ధరకూ మధ్య అంత తేడా ఎందుకుందో చెప్పలేం, ఎందుకంటే కాయ రంగు, తేమ, నాణ్యత వివరాలు పట్టికలో లేవు. తాలు కాయల ధర వేరు, అది ఇందులో చేర్చలేదు. ఇలా రెండు వాక్యాలు రాసినవాళ్లు ఆ పనిని నిజంగా చేశారని ఎవరికైనా అర్థమవుతుంది. మొత్తం వివరణ ఫోన్‌ తెర మీద రెండు మూడు సార్లు వేలు జరిపితే అయిపోవాలి. సమస్య ఏమిటి, ఏం చేశాను, ఎక్కడ చిక్కుకున్నాను, ఏం మిగిలింది. పైన పనిచేసే గ్రాఫ్, కింద కోడ్‌ లింకు.

ఇదంతా కంప్యూటర్‌ సైన్స్‌ వాళ్లకే అనుకోనక్కర్లేదు. బీకాం చదివినవాళ్లు ఊహించిన చిన్న దుకాణానికి నెల లెక్కలు రాసి, జీఎస్టీ లెక్కగట్టిన పట్టికను పెట్టవచ్చు. మెకానికల్‌ వాళ్లు ఒక విడిభాగం డ్రాయింగును, ఆ కొలతలే ఎందుకు తీసుకున్నారో వివరణతో పెట్టవచ్చు. పని సొంతదై ఉండాలి, కారణం రాసి ఉండాలి. అయితే ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని మాత్రం ఆ కంపెనీ అనుమతి లేకుండా పెట్టకూడదు. ఇంటర్వ్యూలో అది చూసినవాళ్లకు రేపు తమ ఫైళ్లూ ఇలాగే బయటికొస్తాయన్న అనుమానం వస్తుంది.

సైటు ఎక్కడ పెట్టాలి?

ఫ్రెషర్‌ రెజ్యూమెకు సర్వర్‌ అద్దె కట్టాల్సిన పని లేదు. మామూలు పేజీలకు గిట్‌హబ్‌ పేజెస్‌ ఉచితంగా చోటిస్తుంది. ఖాతా తెరిచి, `username.github.io` అనే పేరుతో పబ్లిక్‌ రిపాజిటరీ పెట్టాలి. ఇక్కడ username అంటే మన ఖాతా పేరు, అక్షరం తేడా ఉండకూడదు. అందులో `index.html` అనే ఫైలు చేరిస్తే కొద్ది నిమిషాల్లో అదే పేరుతో సైటు తెరుచుకుంటుంది. ఖాతా పేరే చిరునామా అవుతుంది కాబట్టి సరదాకి పెట్టుకున్న ముద్దుపేర్లు ఇక్కడ పనికిరావు.

ప్రాజెక్టు నడిచి చూపించడానికి వేరే సర్వర్‌ అవసరమైతే ఒక ఇబ్బంది ఉంది. ఉచిత సర్వర్లు కాసేపు ఎవరూ రాకపోతే నిద్రలోకి జారుకుంటాయి. రెండర్‌ సంస్థ ఉచిత ప్లానులో 15 నిమిషాలు కదలిక లేకపోతే సర్వీసు ఆగుతుంది, మళ్లీ లేవడానికి నిమిషం దాకా పట్టవచ్చు. హెచ్‌ఆర్‌ అంతసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చోరు. ఉచితం ఎన్నాళ్లుంటుందో కూడా మన చేతిలో లేదు. ఒకప్పుడు విద్యార్థులంతా వాడిన హెరోకు తన ఉచిత ప్లాన్లను 2022 నవంబరులో ఎత్తేసింది, దాంతో రెజ్యూమెల్లో రాసుకున్న డెమో లింకులు ఎన్నో చచ్చిపోయాయి. మిర్చి గ్రాఫ్‌లా బ్రౌజర్‌లోనే నడిచే ప్రాజెక్టుకు ఈ బెడద లేదు. సర్వర్‌ తప్పదనుకుంటే పక్కన ఒక నిమిషం వీడియో, రెండు స్క్రీన్‌షాట్లు పెట్టాలి.

సైటు పెట్టాక అందరికీ ఎదురయ్యే వింత ఒకటుంది. సొంత ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన ఫొటో, సైటులో కనిపించదు. కారణం చాలాసార్లు అక్షరాల సైజే. విండోస్‌కు `Photo.JPG`, `photo.jpg` రెండూ ఒకటే. గిట్‌హబ్‌ పేజెస్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఫోన్‌తో తీసిన ఫొటోను నాలుగైదు ఎంబీల సైజులో అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకోవడానికే సమయం పడుతుంది. 200 కేబీ లోపుకు కుదిస్తే సరిపోతుంది. ఇక పరీక్ష సొంత ల్యాప్‌టాప్‌లో చేయకూడదు. లింకును స్నేహితుడికి వాట్సాప్‌లో పంపి, వైఫై ఆపించి మొబైల్‌ డేటా మీద తెరవమనాలి. ఏమీ చెప్పకుండా ‘ఇందులో నేనేం చేశానో చెప్పరా’ అని అడగాలి. అతను తడబడిన చోటే రాత మార్చాల్సిన చోటు.

> బాక్సు: సైటులో పెట్టకూడనివి
>
> కాగితం రెజ్యూమెలో అలవాటుగా రాసే తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా చిరునామా, సంతకం సైటులో అక్కర్లేదు. కాగితం పది మందికే వెళ్తుంది, సైటు ఎవరైనా చూస్తారు. ‘ఉద్యోగం వచ్చింది, రిజిస్ట్రేషన్‌ ఫీజు కట్టండి’ అంటూ మోసం చేసేవాళ్లకు ఈ వివరాలే పెట్టుబడి. పేరు, ఊరు, ఈమెయిల్‌ చాలు. ఫోన్‌ నంబరు దరఖాస్తులో ఇవ్వవచ్చు. డౌన్‌లోడ్‌కు పెట్టే పీడీఎఫ్‌లోంచీ వీటిని తీసేయాలి.
>
> పొరపాటున పాస్‌వర్డో, ఏపీఐ కీయో కోడ్‌తో పాటు గిట్‌హబ్‌కు ఎక్కితే ఫైలు చెరిపేసినంత మాత్రాన పోదు. పాత మార్పుల చరిత్రలో అది కనిపిస్తూనే ఉంటుంది. ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.

సొంత చిరునామా ఎందుకు?

ఇక్కడ చాలామంది సలహాదారులతో విభేదించక తప్పదు. డొమైన్‌ను మొదట కొనమంటారు, అది చివర కొనాల్సింది. ఒక్క ప్రాజెక్టయినా పూర్తిగా చూపించే దశకు రాకముందు కొన్న డొమైన్‌కు ఏడాది గడువు ఊరికే కరిగిపోతుంది. ఉచిత చిరునామాతో దరఖాస్తు చేసినంత మాత్రాన ఎవరూ తిరస్కరించరు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న ఇంట్లో ఆ కొద్ది వందలూ అడగాల్సిన అవసరమే లేదు.

మరి కొనడం ఎందుకు? గొప్పకు కాదు, కొనసాగింపు కోసం. హెరోకు మూసిన దారిలో రేపు ఇంకో ఉచిత సేవ మూతపడవచ్చు. రెజ్యూమె పంపిన ప్రతి చోటా ఆ పాత లింకు ఉండిపోతుంది, వెనక్కి తెచ్చి దిద్దలేం. చిరునామా మన పేరున ఉంటే సైటును ఎక్కడికి మార్చినా పాత రెజ్యూమెలోని లింకు పనిచేస్తుంది. అద్దె ఇల్లు మారినా ఫోన్‌ నంబరు మారనట్టే.

పేరు ఎంచుకునేటప్పుడు తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరమా పూర్తి పేరా, lakshmi అని రాయాలా laxmi అనా, sri అనా sree అనా? టెన్త్‌ సర్టిఫికెట్‌లో, రెజ్యూమెలో ఉన్న స్పెల్లింగే డొమైన్‌లోనూ ఉండాలి. ఫోన్లో ఒకసారి చెబితే అవతలివాళ్లు టైపు చేయగలగాలి. హైఫన్లు, అంకెలు వద్దు. చివర `.in` కానీ `.com` కానీ సరిపోతుంది. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్‌ ధర చూడాలి. మొదటి ఏడాది తగ్గించి రెండో ఏడాది మామూలు ధర వసూలు చేయడం ఈ వ్యాపారంలో మామూలే. హోస్టింగ్, మెయిల్, ఎస్‌ఎస్‌ఎల్‌ అంటూ బిల్లులో చేరే అదనాలన్నీ తీసేయవచ్చు. భద్రతా సర్టిఫికెట్‌ను గిట్‌హబ్‌ పేజెస్‌ ‘లెట్స్‌ ఎన్‌క్రిప్ట్‌’ నుంచి ఉచితంగానే తెచ్చిపెడుతుంది. కొన్నాక ఈమెయిల్‌ ధ్రువీకరించమని వచ్చే సందేశాన్ని ప్రకటన అనుకుని వదిలేయకూడదు. `.com` లాంటి వాటిలో 15 రోజుల్లోగా ధ్రువీకరించకపోతే డొమైన్‌ ఆగిపోతుంది.

> బాక్సు: డొమైన్‌ కలపడం ఇలా
>
> ముందుగా గిట్‌హబ్‌లో ఆ రిపాజిటరీ Settings, అందులో Pages, అందులో Custom domain గడిలో కొన్న పేరు రాసి సేవ్‌ చేయాలి. తర్వాతే డొమైన్‌ కొన్నచోట డీఎన్‌ఎస్‌ పట్టికలో ఇవి చేర్చాలి. ఈ వరస తప్పితే మధ్యలో ఇంకెవరైనా మన పేరును తమ సైటుకు తగిలించుకునే వీలుంటుంది.

```
A      @    185.199.108.153
A      @    185.199.109.153
A      @    185.199.110.153
A      @    185.199.111.153
CNAME  www  username.github.io
```

> CNAME విలువలో `https://` కానీ రిపాజిటరీ పేరు కానీ రాయకూడదు. మార్పు అంతటా చేరడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. సర్టిఫికెట్‌ వచ్చాక Enforce HTTPS మీద టిక్‌ పెట్టాలి.

> బాక్సు: తెలుగులోనూ చిరునామా
>
> మన దేశ డొమైన్లలో `.in`తో పాటు తెలుగు లిపిలో `.భారత్‌` కూడా ఉంది. అయితే కాపీ చేసి అతికించినప్పుడు చాలాచోట్ల `xn--`తో మొదలయ్యే అక్షరాల గుంపుగా మారిపోతుంది. దరఖాస్తుల ఫారాల్లో రాయాల్సిన రెజ్యూమె లింకుకు ఇంగ్లిషు లిపే నయం.

ఇంత చేసినా సైటు ఒకసారి తెరుచుకుని, ఇంకోసారి ‘ఈ డొమైన్‌ అమ్మకానికి ఉంది’ లాంటి పేజీ చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. డొమైన్‌ అమ్మినవాళ్లు తమ ప్రకటన పేజీ కోసం ముందే పెట్టిన A రికార్డు అలాగే ఉండిపోయి ఉంటుంది. కంప్యూటర్లో కమాండ్‌ ప్రాంప్ట్‌ తెరిచి `nslookup` అని, పక్కన మన డొమైన్‌ పేరు రాస్తే ఆ పేరుకు తగిలించిన అంకెలన్నీ కనిపిస్తాయి. పైన చెప్పిన నాలుగూ కాక ఐదోది ఉంటే అదే దొంగ. దాన్ని పట్టికలోంచి తీసేయాలి. Enforce HTTPS బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం.

గడువు దాటితే?

ఉద్యోగం వచ్చాక సైటు గుర్తుండదు. ఏడాది తిరిగేసరికి రెన్యువల్‌ సందేశాలు ఎప్పుడూ తెరవని కాలేజీ మెయిల్‌కు పోతుంటాయి. చదువయ్యాక ఆ మెయిల్‌నే కాలేజీ తీసేసి ఉండవచ్చు కూడా. అందుకే డొమైన్‌ ఎప్పుడూ సొంత మెయిల్‌తోనే కొనాలి. గడువు దాటిన డొమైన్‌ను వెంటనే ఎవరికీ ఇవ్వరు. `.com`కు రెన్యువల్‌కు కొంత గడువు, అది దాటితే 30 రోజులపాటు అదనపు రుసుముతో విడిపించుకునే అవకాశం ఉంటాయి. ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా వదిలేసిన పేర్లను కొని బెట్టింగ్‌ సైట్లకు తగిలించేవాళ్లున్నారు. అప్పుడు ఏడాది కింద పంపిన రెజ్యూమెను ఏ మేనేజరో మళ్లీ తీసి లింకు నొక్కితే, మన పేరున తెరుచుకునేది జూదం పేజీ.

ఇందులో తెలియక చిక్కుకునే మెలిక మరొకటి ఉంది. సొంత డొమైన్‌ కలిపాక గిట్‌హబ్‌ పాత ఉచిత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్త చిరునామాకు మళ్లిస్తుంది. డొమైన్‌ బతికి ఉన్నంతకాలం ఇది మేలే, పాత లింకులూ పనిచేస్తాయి. డొమైన్‌ పోయిందంటే మాత్రం రెండు దారులూ మూసుకుపోతాయి. కాబట్టి రెన్యువల్‌ వద్దనుకుంటే గడువు ముగియక ముందే Pages సెట్టింగుల్లోకి వెళ్లి Custom domain గడి ఖాళీ చేయాలి, డీఎన్‌ఎస్‌ పట్టికలోని ఆ ఐదు వరసలూ తీసేయాలి, రెజ్యూమె పీడీఎఫ్‌లోనూ లింక్డిన్‌లోనూ `username.github.io` చిరునామా తిరిగి రాయాలి. పావుగంట పని. మిర్చి గ్రాఫ్‌ ఎప్పటిలాగే ఉచిత చిరునామాలో తెరుచుకుంటుంది.